భాగస్వామ్యమా, ప్రైవేట్ కంపెనీయా? దరఖాస్తు ఫారం చూసి జవాబు రాసే విధానం

ఇంటర్ కామర్స్‌లోనైనా, డిగ్రీలోనైనా వ్యాపార సంస్థల రూపాల మీద వచ్చే ప్రశ్నకు పిల్లలు పట్టిక బట్టీ పట్టి రాస్తారు. కేసు రూపంలో ఇస్తే తడబడతారు. నా సలహా ఒక్కటే: ఏ రూపానికి ఎవరు, ఎక్కడ, ఏం రాసి దరఖాస్తు చేస్తారో చూడండి. బాధ్యత, వాటా బదిలీ, పెట్టుబడి సేకరణ, మూడింటి సంగతీ ఆ కాగితాల్లోనే తెలుస్తుంది.

ఒక నమూనా ప్రశ్న తీసుకుందాం. చిత్తూరు దగ్గర ముగ్గురు భాగస్తులు సమాన వాటాలతో మామిడి గుజ్జు యూనిట్ నడుపుతున్నారు. సంస్థ అప్పు 30 లక్షలు. ఆస్తులన్నీ అమ్మినా వచ్చేది 12 లక్షలే. ఒక భాగస్తుడు తన వాటా కొడుక్కి ఇవ్వాలనుకుంటున్నాడు. కొత్త యంత్రాలకు పదిమంది బంధువుల దగ్గర డబ్బు తీసుకోవాలి. ఏం చేయాలి?

యూనిట్ ఒక్కడిదే అయితే ప్రశ్న చిన్నది. సొంత వ్యాపారానికి విడిగా స్థాపన దరఖాస్తు ఉండదు. చిన్న పరిశ్రమలు చేయించుకునే ఉద్యమ్ నమోదులో అడిగేది యజమాని ఆధార్ నంబరే, పాన్ కూడా అతనిదే. చట్టం దృష్టిలో వ్యాపారమూ అతనూ ఒకటే కాబట్టి అప్పు ఇంటి మీదికి, పొలం మీదికి వస్తుంది.

మన కేసులో ముగ్గురున్నారు. భాగస్వామ్య సంస్థ నమోదుకు దరఖాస్తు రిజిస్ట్రేషన్, స్టాంపుల శాఖ కింద ఉండే రిజిస్ట్రార్ ఆఫ్ ఫర్మ్స్‌కు వెళ్తుంది. సంస్థ పేరు, చోటు, ప్రతి భాగస్తుడి పేరు, శాశ్వత చిరునామా, చేరిన తేదీ అందులో రాయాలి. కింద అందరూ, లేదా వారి తరఫున అధికారం ఉన్నవారు సంతకం పెట్టాలి. ఎవరికి ఎంత బాధ్యత అని అడిగే గడి ఎక్కడా లేదు. ఎందుకంటే 1932 చట్టం ప్రకారం ప్రతి ఒక్కరూ మొత్తం అప్పుకు బాధ్యులే. మిగిలిన 18 లక్షల్లో తలా 6 లక్షలు అని రాస్తే జవాబు సగమే. అప్పిచ్చినవాడు ఆ 18 లక్షలూ ఆస్తి ఉన్న ఒక్కరి దగ్గరే వసూలు చేసుకోవచ్చు. ఆ ఒక్కరు తర్వాత మిగతా ఇద్దరి దగ్గర వాళ్ల భాగం రాబట్టుకోవాలి.

నమోదు చేయిస్తే బాధ్యత తగ్గుతుందని చాలామంది రాస్తారు. అది తప్పు. నమోదు వల్ల వచ్చేది, సంస్థకు రావలసిన బాకీల కోసం బయటివారి మీద దావా వేసే హక్కు. ఇక కొడుకు విషయం: ఒప్పందంలో వేరేగా లేకపోతే, మిగతా భాగస్తులందరూ ఒప్పుకుంటేనే అతను భాగస్తుడవుతాడు. వాళ్లు ఒప్పుకోకుండా తండ్రి వాటా రాసిచ్చినా కొడుక్కి అందేది లాభంలో భాగమే, యాజమాన్యంలో మాట చెల్లదు.

ఇప్పుడు ప్రైవేట్ కంపెనీ. దరఖాస్తు అంతా కార్పొరేట్ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో, SPICe+ ఫారం మీద జరుగుతుంది. ముందు డిజిటల్ సంతకాలు తీసుకోవాలి. మొదటి భాగంలో పేరు, రెండో భాగంలో రిజిస్టర్డ్ ఆఫీసు, డైరెక్టర్లు, మూలధనం వివరాలు ఇస్తారు. నడుస్తున్న సంస్థనే కంపెనీగా మార్చాలంటే URC-1 ఫారం కూడా కావాలి. జతచేసే మెమోరాండం అనే స్థాపన పత్రంలో సభ్యుల బాధ్యత పరిమితమని ఒక క్లాజు, ఎవరు ఎన్ని షేర్లు తీసుకుంటున్నారో ఒక పట్టిక ఉంటాయి. 2 లక్షల రూపాయల విలువైన షేర్లు తీసుకుని లక్షన్నర కట్టినవాడి మీద మిగిలే బాధ్యత 50 వేలు, అంతకు మించదు. బ్యాంకుకు సొంత హామీ సంతకం పెడితే మాత్రం ఆ హామీ మేరకు ఇల్లు కూడా లెక్కలోకి వస్తుంది.

ఇక్కడే కేసులో మెలిక. కంపెనీగా మారినంత మాత్రాన పాత 30 లక్షల అప్పు మీద భాగస్తుల బాధ్యత పోదు. రక్షణ కొత్త అప్పులకే. ఈ ఒక్క వాక్యం రాసిన విద్యార్థి విషయం అర్థం చేసుకున్నట్టే.

వాటా బదిలీకి కంపెనీ అంతర్గత నియమావళి అయిన ఆర్టికల్స్ చూడాలి. ప్రైవేట్ కంపెనీ అంటేనే ఆర్టికల్స్‌లో షేర్ల బదిలీ మీద ఆంక్ష ఉండాలి. కుటుంబ సభ్యులకు ఇచ్చుకోవచ్చని ముందే రాసుకుంటే కొడుక్కి ఇవ్వడం సులువు, షేర్ల బదిలీకి వాడే SH-4 ఫారం నింపి కంపెనీకి ఇవ్వాలి. పదిమంది బంధువులకు పేరుపేరునా షేర్లు ఇవ్వవచ్చు, సభ్యులు 200 దాటకూడదు. పేపర్లో ప్రకటన వేసి జనాన్ని పిలవకూడదు.

అలా పిలవాలంటే పబ్లిక్ కంపెనీ కావాలి. దానికి కనీసం ఏడుగురు సభ్యులు, ముగ్గురు డైరెక్టర్లు ఉండాలి, షేర్లు స్వేచ్ఛగా చేతులు మారతాయి, ప్రాస్పెక్టస్ ఇచ్చి పెట్టుబడి అడగవచ్చు. పబ్లిక్ కంపెనీ అనగానే స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో ఉన్నట్టు కాదు, లిస్టింగ్ వేరే దరఖాస్తు. మన ముగ్గురికి, పదిమంది బంధువులకు అంత దూరం అక్కర్లేదు కాబట్టి జవాబు ప్రైవేట్ కంపెనీ, పాత అప్పు సంగతి విడిగా తేల్చుకోవాలన్న షరతుతో.