గేటుకు ముందే చెప్పడం, మూడో పాఠం: తెల్లవారుజామున దిగే చుట్టం

పోయినసారి, అపార్ట్‌మెంట్‌కి చుట్టాలు వస్తుంటే వాళ్ళ పేరు, టైము, మీ ఫ్లాట్ నంబరు, ఈ మూడూ ఒకే మెసేజ్‌లో పెట్టి సెక్యూరిటీకి పంపమన్నాను. పంపారు. అయినా చుట్టాలు బ్యాగులతో గేటు బయటే నిలబడ్డారట. అందుకని ఈసారి మొత్తం డెలివరీల గురించే చెబుదామనుకున్నవాణ్ని, దాన్ని చివరికి జరిపి ముందు ఈ గొడవ తేలుస్తాను.

మీలో ఒకరు పంపిన మెసేజ్ ఇది: "మా మామయ్య రేపు పొద్దున వస్తారు, 402, పంపించండి." మూడూ ఉన్నట్టే ఉన్నాయి కదా. ఇప్పుడు దీన్నే గేటు దగ్గర కుర్చీలో కూర్చున్న మనిషిలా చదవండి. ఆయనకి ఏ, బీ, సీ మూడు బ్లాకుల్లోనూ 402 ఉంది. ఆటో దిగిన పెద్దాయన "నేను మామయ్యని" అనరు, "నా పేరు సూర్యనారాయణ, మా చిన్ని వాళ్ళింటికి" అంటారు. లిస్టులో సూర్యనారాయణ లేరు. చిన్ని అసలే లేదు, ఫ్లాట్ అల్లుడు కిరణ్ పేరు మీద ఉంది కాబట్టి. ఇక ఇంటర్‌కమ్ కొడతారు, అదేమో హాల్లో ఉంటుంది, మీరేమో ఏసీ వేసుకుని బెడ్‌రూమ్ తలుపు మూసుకుని పడుకుని ఉంటారు.

అంటే గేటుకు చెప్పాల్సింది వచ్చే మనిషి తన నోటితో ఏ పేరు చెబుతారో ఆ పేరు. రెండో సగం అందరూ మర్చిపోతారు: వచ్చే మనిషికి కూడా చెప్పాలి, "గేటు దగ్గర సీ బ్లాక్ 402, కిరణ్ గారిల్లు అనండి" అని. రెండు వైపులా ఒకే మాట ఉంటే ఇంటర్‌కమ్‌తో పనే ఉండదు. బ్లాక్ లేకుండా ఫ్లాట్ నంబరు చెప్పొద్దని వేరే చెప్పక్కర్లేదనుకుంటా.

ఇప్పుడు నాకు ఒళ్ళు మండే విషయం, టైము. సాయంత్రం ఆరింటికి పాల ప్యాకెట్ కోసం కిందికి దిగి, గేటు దగ్గరున్న మనిషితో "భయ్యా, రేపు పొద్దున ఐదింటికి మావాళ్ళు వస్తారు" అని చెప్పేసి, పని అయిపోయిందనుకుని లిఫ్ట్ ఎక్కేస్తారు. ఆయన తలూపాడు నిజమే. కానీ హైదరాబాద్‌లో చాలా అపార్ట్‌మెంట్లలో సెక్యూరిటీవాళ్ళవి పన్నెండు గంటల డ్యూటీలు, సాధారణంగా ఎనిమిదింటికి మనిషి మారతాడు. ఎనిమిదింటికి ఆయన టార్చి, తాళాలు, రిజిస్టర్ అప్పజెప్పి వెళ్ళిపోయాడు, మీరు చెప్పిన మాట ఆయనతోనే వెళ్ళిపోయింది. ఐదింటికి గేటు తీయాల్సినవాడు మీ మాట విననేలేదు. కొందరు ఇంకా తెలివిగా, తెలిసిన సెక్యూరిటీ మనిషి సొంత ఫోన్‌కి మెసేజ్ పెడతారు. ఆయన ఆ రోజు వీక్లీ ఆఫ్‌లో ఉంటాడు. మనిషికి కాదు, గేటుకు చెప్పాలి. గేటు దగ్గరే ఉండే ఫోన్ ఒకటి దాదాపు ప్రతిచోటా ఉంటుంది, మెసేజ్ దానికే పెట్టండి.

రిజిస్టర్‌లో రాయించినా ఇదే తిప్పలు. శుక్రవారం రాత్రి రాయించిన మాట శుక్రవారం పేజీలో ఉంటుంది, పన్నెండు దాటాక రాత్రి మనిషి శనివారం తేదీ వేసి కొత్త పేజీ తిప్పుతాడు. వెనక్కి తిప్పి చూడడు, ఎందుకు చూస్తాడు? కొన్ని గేటు యాప్‌లలోనూ అంతే. రాత్రి పదకొండుకు విజిటర్‌ని ముందుగా అప్రూవ్ చేస్తున్నప్పుడు తేదీ దగ్గర ఈరోజే కనిపిస్తుంది, మనం దాన్ని ముట్టుకోకుండా ఓకే కొట్టేస్తాం, పన్నెండు దాటగానే ఆ కోడ్ చెల్లదు. పెద్దాయన కోడ్ చెబుతుంటే సెక్యూరిటీ ఫోన్‌లో ఎర్రగా వస్తుంటుంది, ఇద్దరికీ ఎందుకో తెలియదు. తెల్లవారుజాము రాకలకు తేదీ, వారం రెండూ రాయండి, యాప్‌లో తేదీని చేత్తో మార్చండి.

ఇక ఎన్నింటికి అన్నది. వైజాగ్ రాత్రి బస్సు ఐదుంబావుకు కూకట్‌పల్లిలో దింపుతుందని టికెట్ మీద ఉంటుంది. రోడ్డు ఖాళీగా ఉంటే ముందే దింపేస్తుంది, సంక్రాంతి తిరుగు ప్రయాణమైతే చౌటుప్పల్ దగ్గర పంతంగి టోల్‌లోనే తెల్లారుతుంది. కాబట్టి ఒక్క టైము కాదు, ఎప్పటి నుంచి ఎప్పటి దాకా అన్నది ఇవ్వండి. మరీ వెడల్పుగా "పొద్దున్నే ఎప్పుడైనా" అనొద్దు, అలా అంటే ఎవరూ పట్టించుకోరు. మూడు గంటలు చాలు. ఎనిమిది దాటేలా ఉంటే బస్సులో ఉన్నవాళ్ళు ఫోన్ చేస్తారు కదా, అప్పుడు కొత్తగా వచ్చిన మనిషికి ఇంకోసారి చెప్పండి.

అన్నీ కలిపితే ఇలా:

"సీ బ్లాక్ 402, కిరణ్. 14వ తేదీ శనివారం తెల్లవారుజామున 4:30 నుంచి 7:30 లోపు సూర్యనారాయణ గారు వస్తారు, పెద్దాయన, ఒక్కరే, ఆటోలో. సామాను ఉంది, ఆటోని బ్లాక్ దాకా రానివ్వండి. ఇంటర్‌కమ్ ఎత్తకపోతే ఈ నంబరుకే ఫోన్ చేయండి."

దీన్ని శుక్రవారం రాత్రి ఎనిమిదిన్నరకు, అంటే రాత్రి మనిషి కూర్చున్నాక పంపండి. నేనైతే రాసింది పంపి ఊరుకోను, హిందీలో ఒక వాయిస్ మెసేజ్ కూడా పెడతాను, ఎందుకంటే మా గేటు దగ్గరున్నవాళ్ళలో చాలామందికి తెలుగు చదవడం రాదు: "భయ్యా, సీ బ్లాక్, చార్ జీరో దో, శనివార్ సుబహ్ సాఢే చార్ సే సాఢే సాత్ కే బీచ్ సూర్యనారాయణ అంకుల్ ఆయేంగే, ఆటో మే." అంకెలు విడివిడిగా పలకండి. 1103ని గబగబా చెబితే 113 అని రాసుకుంటారు.

డెలివరీలకు ఇదే సూత్రం, తలకిందులుగా. కుర్రాడు గేటు దగ్గర చెప్పేది తన పేరు కాదు, కంపెనీ పేరూ ఫ్లాట్ నంబరూ, అడిగితే ఆర్డర్ మీదున్న పేరు. ఆర్డర్ అమ్మ పేరు మీద పెట్టి గేటుకు మీ పేరు చెబితే ఉపయోగం లేదు. ఫ్రిజ్, సోఫా లాంటివైతే ట్రాలీ ఆటో వస్తుందని, ఇద్దరు మనుషులుంటారని, సర్వీస్ లిఫ్ట్ కావాలని కూడా చెప్పాలి, కొన్నిచోట్ల సామాను ఎక్కించడానికి అసోసియేషన్ పెట్టిన టైమింగ్స్ ఉంటాయి, అవి ముందే కనుక్కోండి. ఓటీపీ అడిగే పార్శిల్‌ని మాత్రం గేటు దగ్గర వదిలేయమనొద్దు, ఇంట్లో ఎవరైనా ఉండే టైముకే రప్పించుకోండి.

అభ్యాసం, ఈసారి కాస్త గట్టిది. ఆదివారం మీ ఇంట్లో సత్యనారాయణ వ్రతం. పంతులుగారు ఉదయం ఆరున్నరకు బండి మీద వస్తారు, ఆయన ఫోన్ ఎత్తరు. క్యాటరింగ్ వ్యాన్ పదిన్నరకు, గిన్నెలు పట్టుకెళ్ళడానికి మళ్ళీ నాలుగింటికి. చుట్టాలు పదకొండింటి నుంచి వస్తారు, పాతికమంది దాకా, పేర్లన్నీ మీకే తెలియవు. మోకాళ్ళ ఆపరేషన్ అయిన పిన్నిగారి కారు లిఫ్ట్ దాకా రావాలి, మిగతా కార్లు బయటే. ఆరున్నరకు ఉండేది రాత్రి మనిషి, మిగతావన్నీ పగటి మనిషివి. ఎన్ని మెసేజ్‌లు కావాలి, ఏది ఎప్పుడు పంపాలి, పేర్లు తెలియని చుట్టాలు గేటు దగ్గర ఏమనాలో వాళ్ళకి ఏం చెప్పాలి, ఇవన్నీ కాగితం మీద రాసి, ఇంట్లో ఇంకొకరిని సెక్యూరిటీగా కూర్చోబెట్టి చదివించండి. వాళ్ళకి ఒక్క సందేహం వచ్చినా తిరగరాయండి.