ఫలితాల రోజుకు ముందు: ఆప్షన్ పొజిషన్‌కు గ్రిడ్ పరీక్ష

పెద్ద ఈవెంట్ దాటేదాకా ఆప్షన్లు అమ్మి ఉంచుకునేవాళ్లు ఎక్స్‌పైరీ పేఆఫ్ గ్రాఫ్‌ను చూసి ధైర్యం తెచ్చుకోవద్దు. ఆ గ్రాఫ్ చివరి రోజు సంగతే చెబుతుంది. మనం తట్టుకోవాల్సింది మరుసటి ఉదయాన్ని.

2024 జూన్ 3న, లోక్‌సభ ఫలితాల ముందు రోజు, నిఫ్టీ 23,264 దగ్గర ముగిసింది. ఆ సాయంత్రం జూన్ 27 ఎక్స్‌పైరీకి 22,000 పుట్, 24,500 కాల్ అమ్మి ఉన్నామనుకుందాం. ఐవీ, అంటే ఆప్షన్ ధరల్లో మార్కెట్ ఊహించే ఏడాది ఒడిదుడుకుల శాతం, 20 అని పెట్టుకుని బ్లాక్-షోల్స్ సూత్రంతో లెక్కిస్తే రెండూ కలిపి 181 పాయింట్ల ప్రీమియం వస్తుంది. ఇప్పుడు ధరను, ఐవీని కలిపి కదిలించి, ఒక్కో గడిలో లాభనష్టం ఎన్ని పాయింట్లో చూడాలి. ఇదే గ్రిడ్:

| నిఫ్టీ | ఐవీ 14 | ఐవీ 20 | ఐవీ 28 |
|---|---|---|---|
| 6% పతనం | −203 | −342 | −555 |
| మార్పు లేదు | +131 | 0 | −258 |
| 6% పెరుగుదల | −257 | −411 | −645 |

6% పడితే నిఫ్టీ 21,868కి చేరుతుంది. ఎక్స్‌పైరీ గ్రాఫ్‌లో అక్కడ ఇంకా 49 పాయింట్ల లాభమే కనిపిస్తుంది. గ్రిడ్‌లో ఐవీ 28 గడి మాత్రం 555 నష్టం చూపిస్తోంది. అప్పటి 25 లాట్ సైజుతో పది లాట్లకు దాదాపు 1.39 లక్షల రూపాయలు.

జూన్ 4న నిజంగానే నిఫ్టీ 5.93% పడి 21,884.50 దగ్గర ముగిసింది. మధ్యలో 21,281 దాకా, అంటే 8.5% దిగింది. నిఫ్టీ ఆప్షన్ల ఐవీని చూపే సూచీ ఇండియా విక్స్ ఒక దశలో 31 దాటింది. అందుకే నా గ్రిడ్‌లో 9% పతనం వరుస కూడా తప్పకుండా ఉంటుంది. ముగింపు ధరలను మాత్రమే చూసి షాక్ సైజు ఎంచుకుంటే మధ్యాహ్నం వచ్చే మార్జిన్ కాల్ లెక్కలోకి రాదు. మరుసటి రోజే విక్స్ 19 దగ్గరికి పడిపోయి నిఫ్టీ 3% పైగా కోలుకుంది. కానీ అప్పటికే బ్రోకర్ పొజిషన్ కోసేసి ఉంటే ఆ కోలుకోవడం మనకు దక్కదు.

అన్ని గడులూ సమానం కాదు. నిఫ్టీ కుప్పకూలుతూ ఐవీ 14కి దిగడం అరుదు, కాబట్టి ఆ మూలను చూసి ఊరట పడకండి. పైకి దూకినప్పుడు ఐవీ సాధారణంగా తగ్గుతుంది. అయినా అక్కడా 257 పోతోంది, గమనించండి.

ఈ లెక్కలో ఒక లోపం ఉంది. అన్ని స్ట్రైక్‌లకూ ఒకే ఐవీ పెట్టాను. నిజంగా కింది పుట్‌లకు ఐవీ ఎక్కువే ఉంటుంది, పతనంలో బిడ్-ఆస్క్ తేడా కూడా పెరుగుతుంది. అందుకని చెత్త గడికి కొంత కలిపి చూసుకోవాలి.

ఆ మొత్తం మీ ఖాతా మోయలేకపోతే ఫలితాల ముందే లాట్లు తగ్గించండి, లేదా 21,000 పుట్ కొనండి. ఇదే మోడల్‌లో దాని ఖర్చు దాదాపు 10 పాయింట్లు, మార్కెట్లో ఇంకా ఎక్కువే పడుతుంది. 555 నష్టం ఉన్న గడి దానితో 290కి తగ్గుతుంది. పైకి వెళ్లే వైపు మాత్రం అది ఏమీ కాపాడదు, అక్కడ కాల్ కూడా కొనాలి. కొన్నాక మొత్తం గ్రిడ్ మళ్లీ వేసుకోండి.