పారాసిటమాల్ సిరప్ పట్టే ముందు

పాతపట్నంలో కొన్న సీసా అయిపోయి, పర్లాకిమిడిలో ఇంకోటి కొన్నారా? మూత తీయకముందే లేబుల్ చూడండి. పేరు అదే అయినా బలం వేరే ఉండొచ్చు. 5 మి.లీ.లో 125 మి.గ్రా. అనో 250 మి.గ్రా. అనో ఉంటుంది. చుక్కల మందైతే సాధారణంగా ఒక్క మి.లీ.లోనే 100 మి.గ్రా.

బరువు ఇవాళ్టిదే కావాలి. బిడ్డను ఎత్తుకొని తూకం చూసి, అందులోంచి మీ బరువు తీసేయండి. కిలోకు 15 మి.గ్రా. లెక్కన 10 కిలోల బిడ్డకు 150 మి.గ్రా. అంటే 125 సిరప్ 6 మి.లీ., 250 సిరప్ 3 మి.లీ., చుక్కల మందు 1.5 మి.లీ. పాత అలవాటుతో చుక్కల మందే 6 మి.లీ. పోస్తే 600 మి.గ్రా. పడుతుంది, నాలుగింతలు! నాకు భయం ఇక్కడే.

వంటింటి చెంచా వద్దు, సిరంజీతో కొలవండి. సీసా బాగా కుదపండి.

జలుబు సిరప్‌లోనూ పారాసిటమాల్ ఉండొచ్చు, చూసుకోండి.

మోతాదుకూ మోతాదుకూ కనీసం 4 గంటలు, రోజుకు నాలుగుసార్లకు మించొద్దు. పట్టిన టైము రాసిపెట్టండి, అమ్మమ్మ మళ్లీ పట్టేయకుండా.

ఎక్కువ పడితే మొదటిరోజు బిడ్డ మామూలుగానే ఆడుకోవచ్చు, లోపల కాలేయం దెబ్బతింటుంది. సీసాతో సహా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.