బొంతకు చీరలు ఎంచేటప్పుడు

పాత నూలు చీరలతో బొంత కుట్టేవారు ముందు చీరల వయసు చూడండి. నేను ఒకసారి బాగా నలిగిన చీర పక్కనే దాదాపు కొత్తదైన మంగళగిరి చీర ముక్క అతికాను. ఏడాది తిరగకుండానే సరిగ్గా అతుకు పక్కన పాత బట్ట చిరిగింది. ఉతికి పిండినప్పుడు గట్టి బట్ట సాగదు, లాగుడంతా నలిగినదాని మీదే పడుతుంది.

అందుకే ప్రతి చీరనూ వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూసి, రెండు చేతులతో అడ్డంగా లాగండి. పోగులు విడిపోతే దాన్ని లోపలి పొరకు వాడండి. పైకీ కిందకీ ఒకే మందం, ఒకే వాడకం ఉన్నవి వేయండి. నూలో కాదో అనుమానం వస్తే ఒక పోగు కాల్చండి: నూలు బూడిదవుతుంది, పాలిస్టర్ కరిగి గట్టి పూస కడుతుంది. అలాంటిది కలపవద్దు.

అయిదున్నర మీటర్ల చీరను మూడు ముక్కలు చేస్తే ఒక్కొక్కటి 1.8 మీటర్లు వస్తుంది. రెండు చీరలకు ఆరు పొరలు, ఒకరికి సరిపోయే బొంత. జరీ అంచులు ముందే కత్తిరించండి, అవి ఒంటికి గీసుకుంటాయి. కుట్టు వరసల మధ్య రెండు వేళ్ల ఎడం చాలు. అంతకు మించితే ఉతికినప్పుడు లోపలి పొర ముద్దకడుతుంది.