పిల్లల ట్యూషన్ల భారం తగ్గించడానికి తల్లిదండ్రులను ఎలా ఒప్పించాలి?

"పిల్ల మీద ఒత్తిడి తగ్గించండి" అని కౌన్సెలర్ చెబితే తల్లిదండ్రులు సరేనని తలూపి వెళ్తారు. మర్నాడు సాయంత్రం ట్యూషన్ మామూలే. ఆ మాటలో ఏం చేయాలో లేదు, పైగా తప్పు తమదేనన్న నింద మాత్రం వినబడుతుంది. ఒక కుటుంబంతో కౌన్సెలర్ నిజంగా ఒప్పందానికి రాగలిగేది చిన్న చిన్న విషయాల మీదే: వారంలో రెండు సాయంత్రాలు, పడుకునే వేళ, పరీక్ష పేపర్ ఇంటికి వచ్చిన రోజు మొదటి మాట. అక్కడిదాకా ఎలా రావాలో ఒక ఉదాహరణతో చెబుతాను. పదిహేనేళ్ల అమ్మాయి. పొద్దున తలనొప్పి, క్లాసులో నిద్ర, సైన్స్ మార్కులు పడిపోతున్నాయి. సైన్స్‌కి ఇంకో ట్యూషన్ పెట్టాలని ఇంట్లో ఆలోచన.

1. ముందు పిల్లతో ఒంటరిగా మాట్లాడండి

మొదలుపెట్టే ముందే ఒక మాట స్పష్టంగా చెప్పాలి: "నువ్వు చెప్పింది నీ అనుమతి లేకుండా ఇంట్లో చెప్పను. కానీ నీకు గానీ ఇంకొకరికి గానీ ప్రమాదం ఉందనిపిస్తే చెప్పక తప్పదు." ఈ షరతు తర్వాత ఎప్పుడో బయటపెడితే నమ్మకం పోతుంది.

చచ్చిపోవాలనిపిస్తోందా, తనకు తాను హాని చేసుకోవాలనిపిస్తోందా అని సూటిగా అడగండి. అడిగితే లేనిపోని ఆలోచన పుడుతుందన్న భయం అక్కర్లేదు, అలా అడగడం వల్ల ప్రమాదం పెరగదు. అవునని జవాబు వస్తే ట్యూషన్ల చర్చ అక్కడితో ఆపాలి. పిల్లను ఒంటరిగా వదలకుండా ఆ రోజే తల్లిదండ్రులను పిలిపించి మానసిక వైద్యుల దగ్గరికి చేర్చాలి. ఇందులో బేరసారాలకు చోటు లేదు.

అలాంటిదేమీ లేకపోతే, ఇంట్లో ఏ విషయం ఎత్తవచ్చో, ఏది ఎత్తకూడదో పిల్లనే అడిగి రాసుకోండి.

2. ఒక మామూలు రోజును కాగితం మీద పెట్టండి

ఈ అమ్మాయి రోజు ఇలా ఉంది. 5:30కి లేచి రివిజన్. 8 నుంచి 4 దాకా బడి, ప్రయాణంతో కలిపి. 5 నుంచి 8 దాకా ట్యూషన్, మూడు రోజులు లెక్కలు, మూడు రోజులు సైన్స్. భోజనం అయ్యాక 10 దాకా ట్యూషన్ హోంవర్క్, 12 దాకా బడి హోంవర్క్. అంటే నిద్ర ఐదున్నర గంటలు. 13 నుంచి 18 ఏళ్ల వారికి రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని నిద్ర వైద్య నిపుణుల సిఫార్సు. పైగా ఈ వయసులో శరీర గడియారం వెనక్కి జరుగుతుంది, రాత్రి నిద్ర పట్టడమే ఆలస్యమవుతుంది. తెల్లవారుజామున లేపడాన్ని క్రమశిక్షణ అనుకుంటాం గానీ ఆ వేళ చదివేది సరిగ్గా ఎక్కదు.

కాగితంలో ఇంకోటి కూడా కనిపించింది. బడిలో ఒక పాఠం నడుస్తుంటే ట్యూషన్‌లో అంతకు చాలా ముందున్న పాఠం నడుస్తోంది. రెండు చోట్లా వింటోంది. తనంతట తాను పుస్తకం మూసి గుర్తు తెచ్చుకునే సమయం మాత్రం వారం మొత్తంలో అరగంట కూడా లేదు.

3. పోయిన మార్కులను విడదీయండి

నా అనుభవంలో తల్లిదండ్రుల మనసు మార్చేది ఉపన్యాసం కాదు, ఈ లెక్కే. చివరి మూడు సైన్స్ పేపర్లు తెప్పించి, పిల్ల పక్కన కూర్చుని, పోయిన ప్రతి మార్కుకూ కారణం అడగండి. ఇక్కడ పోయినవి 34. పాఠమే అర్థం కానందుకు 6. అర్థమైనా ఆ సమయానికి గుర్తుకు రానందుకు 17. ప్రశ్న సరిగ్గా చదవకపోవడం, లెక్క తప్పడం, సమయం చాలకపోవడం వల్ల 11.

ట్యూషన్‌లో మళ్లీ వివరిస్తే తిరిగొచ్చేవి ఆ 6. మిగతా 28కి కావలసినవి సొంతంగా గుర్తు తెచ్చుకునే అభ్యాసం, నిద్ర. చదివినదాన్నే మళ్లీ చదవడం కన్నా పుస్తకం మూసి రాసి చూసుకుంటే ఎక్కువ కాలం గుర్తుంటుందని పరిశోధనలు పదేపదే చూపించాయి. లెక్క తిరగబడి, అర్థం కానందుకు పోయినవే ఎక్కువని తేలితే ట్యూషన్ తగ్గించమని అడగకండి. అప్పుడు ఆ పిల్లకు అది నిజంగానే అవసరం.

4. తల్లిదండ్రులను భయం గురించి అడగండి

ఇద్దరినీ పిలవండి. ఇంట్లో నిర్ణయం తీసుకునేది ఇంకెవరైనా ఉంటే వారినీ రమ్మనండి. వాళ్లు రాని సమావేశంలో కుదిరిన ఒప్పందం ఆ రాత్రికే రద్దవుతుంది.

"ఒక ట్యూషన్ తగ్గిస్తే ఏమవుతుందని మీకు భయం?" అని అడిగి ఊరుకోండి. ఈ అమ్మాయి తండ్రి కాసేపటికి, "అందరూ పంపిస్తున్నారండీ. మేమొక్కళ్లమే మానిపించి, రేపు సీటు రాకపోతే మీవల్లే అని అది అంటే ఏం చెప్పాలి?" అన్నాడు. అది మొండితనం కాదు, బాధ్యత. ఆ భయానికి జవాబు లేని ప్రతిపాదన ఏదీ ఆ ఇంట్లో నిలబడదు.

ఏ కోర్సు చదవాలి, పిల్ల ఏమవ్వాలి అన్నది మొదటి సమావేశంలో ఎత్తకండి. అది ఒక్క గంటలో మారదు, ఎత్తితే వాళ్లు రెండోసారి రారు.

5. గడువున్న చిన్న ఒప్పందం రాయండి

ఇక్కడ కుదిరింది ఇది. లెక్కల ట్యూషన్ అలాగే ఉంటుంది. సైన్స్ మూడు రోజుల నుంచి ఒక రోజుకు తగ్గి, సందేహాలకే పరిమితమవుతుంది. ఖాళీ అయిన రెండు సాయంత్రాల్లో ఒక్కో గంట పుస్తకం మూసి రాయడం, తర్వాత బడి హోంవర్క్. రాత్రి 11కి దీపం ఆర్పాలి, పొద్దున 6కి లేవాలి. దీపం ఆర్పే వేళకు ఫోన్ హాల్లో పెట్టడం అమ్మాయి తరఫు మాట. గడువు ఆరు వారాలు. నచ్చకపోతే పాత పద్ధతికి వెళ్లవచ్చని కూడా రాశాం. తండ్రి ఒప్పుకున్నది ఆ వాక్యం వల్లే.

నిద్ర ఏడు గంటలకే వచ్చింది, ఎనిమిది కాలేదు. నేను ఎనిమిది కోసం పట్టుబట్టలేదు. తల్లి అంతకు మించి దిగిరానంది, ఉన్నదానికన్నా ఇది గంటన్నర ఎక్కువ.

పేపర్ వచ్చిన రోజు మాట కూడా రాశాం. "క్లాసులో ఎవరికెంత?" బదులు "ఈసారి గుర్తుకు రానివి ఎన్ని?" అని అడగాలి.

6. రెండు వారాలకే ఫోన్ చేయండి

ఒప్పందం చెడితే ఎక్కువగా ఇక్కడే చెడుతుంది. ఖాళీ అయిన సాయంత్రంలోకి కొత్త ప్రాక్టీస్ పేపర్లు వచ్చి చేరతాయి. "ఆ రెండు సాయంత్రాలూ నిన్న, మొన్న ఎలా గడిచాయి?" అని పిల్లను విడిగా, తల్లిని విడిగా అడిగితే తెలిసిపోతుంది. పిల్ల ఆ సమయమంతా ఫోన్‌లో గడిపితే దాన్నీ దాచకూడదు, పుస్తకం మూసి రాసే ఆ గంటను వేరే వేళకు మార్చి చూడాలి.

ఆరు వారాలకు నిద్ర గంటలు, తలనొప్పి వచ్చిన రోజులు, మూడు రకాల మార్కుల లెక్క పక్కపక్కన పెట్టండి. ఒక్క పరీక్ష మార్కుతో తీర్పు ఇవ్వవద్దు, పేపర్ కష్టాన్ని బట్టే అది అటూ ఇటూ అవుతుంది. నిద్ర పెరిగినా ఏడుపు, భయం, బడికి వెళ్లలేకపోవడం తగ్గకపోతే సమస్య టైంటేబుల్‌లో లేదని అర్థం. అప్పుడు ఒప్పందాన్ని సవరిస్తూ కూర్చోకుండా నిపుణుల పరీక్షకు పంపాలి.