మందు మానేస్తానన్న టీబీ పేషెంటుతో మాట్లాడటం – 4వ భాగం: ముందు గోలీలు లెక్కపెట్టండి

మూడో భాగంలో చికిత్స మొదటి నెల గురించి చెప్పుకున్నాం. ఆ నెలలో మనకు పెద్దగా కష్టం ఉండదు. మనిషి దగ్గుతో, జ్వరంతో బెదిరిపోయి ఉంటాడు, ఇచ్చిన మందు ఇచ్చినట్టు వేసుకుంటాడు. అసలు చిక్కు రెండో నెల మధ్యలో మొదలవుతుంది. దగ్గు పోతుంది, ఆకలి పుడుతుంది, నాలుగైదు కిలోలు పెరుగుతాడు. మందు మానేస్తానన్న మాట అప్పుడు వస్తుంది. ఈ భాగమంతా ఆ మాట గురించే. పాఠం కోసం ఒక కథ అల్లాను. పేర్లు కల్పితం, మందుల లెక్క మాత్రం అసలుదే.

మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా సిరోంచ తాలూకాలో, గోదావరికి ఇవతల ఒక ఊరు. అవతల ఒడ్డున కాళేశ్వరం. ఇంట్లో, బజారులో తెలుగే మాట్లాడతారు. బడి, ఆఫీసు, ఆస్పత్రి కాగితాలు మరాఠీలో ఉంటాయి. ఊరి ఆశా కార్యకర్త సమ్మక్క. పేషెంటు పోచం, నలభై దాటిన కూలిమనిషి. డిసెంబర్ రెండో వారంలో అతని కళ్లెలో టీబీ తేలింది. అప్పుడు బరువు 44 కిలోలు. 35 నుంచి 49 కిలోల మధ్య ఉన్నవాళ్లకు రోజుకు మూడు గోలీలు, మూడూ ఒకేసారి. మొదటి రెండు నెలలు, అంటే 56 రోజులు, ఒక్కో గోలీలో నాలుగు మందులు కలిసి ఉంటాయి. తరువాతి నాలుగు నెలల గోలీలో మూడు మందులే ఉంటాయి. మొత్తం 168 రోజుల మందు.

జనవరి నాలుగో వారంలో సమ్మక్క వాళ్ల ఇంటికి వెళ్లేసరికి పోచం వాకిట్లో తట్టకు అంచు అల్లుతున్నాడు.

"నాకు మంచిగైంది చెల్లె. దగ్గు లేదు, జరం లేదు. ఇగ గోలీలు ఎందుకు? పదిహేను రోజులైతే మిరప ఏరను పోతున్నం" అన్నాడు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. మీరైతే ఏమంటారు? "మానేస్తే మళ్లీ వస్తుంది, ముదురుతుంది, చచ్చిపోతావు" అంటారు కదా. మనకు శిక్షణలో నేర్పేది కూడా దాదాపు ఇదే. ఇది అబద్ధం కాదు. కానీ పోచం చెప్పింది అతని నిర్ణయం. దాని వెనక ఏముందో మనకింకా తెలియదు. తెలియని దానికి జవాబు చెబితే అతను తలూపుతాడు. మనం వెళ్లగానే గోలీల డబ్బా చూరులోకి పోతుంది.

సమ్మక్క ఆ మాటకు జవాబు చెప్పలేదు. "సరే గాని అన్నా, గోలీల పట్టీలు పట్టుకరా, చూద్దాం" అంది.

లెక్క ఎలా చేయాలి

ఒక పట్టీలో 28 గోలీలు ఉంటాయి. రోజుకు మూడు చొప్పున 28 రోజులకు 84 గోలీలు, అంటే సరిగ్గా మూడు పట్టీలు. పోచం రెండో నెల మందు ఒక సోమవారం మొదలుపెట్టాడు. సమ్మక్క వెళ్లేనాటికి 20 రోజుల మందు అయిపోయి ఉండాలి. 20 ఇంటూ 3, 60. మిగలాల్సింది 24. ఆమె చేతిలో ఉన్నవి 39. అంటే 15 గోలీలు ఎక్కువ. అయిదు రోజులు మందు పడలేదు.

ఈ అంకె చేతికొచ్చాక "అయిదు రోజులు ఎగ్గొట్టినవ్" అని పోలీసులా అనకండి. అంటే ఈసారి మీరు వచ్చేలోపు ఆ గోలీలు పొయ్యిలోకి పోతాయి, లెక్క మాత్రం సరిగ్గా కనిపిస్తుంది. సమ్మక్క పట్టీలు పక్కన పెట్టి వేరే ప్రశ్న అడిగింది.

"రోజూ మూడు గోలీలంటే తిప్పలే. ఏ రోజు మింగుడు మరీ కష్టమైతంది అన్నా?"

ఈ ప్రశ్నను గుర్తు పెట్టుకోండి. "రోజూ వేసుకుంటున్నావా?" అంటే అందరూ అవుననే అంటారు. "ఏ రోజు కష్టం?" అన్నప్పుడు కష్టం ఉండటం తప్పేం కాదని మనమే ముందు ఒప్పుకున్నట్టు. అప్పుడు చెప్పడానికి నోరు వస్తుంది.

పోచం అల్లడం ఆపలేదు. కాసేపటికి భార్య లస్మక్కే లోపలి నుంచి అంది: "ఐతారం నాడు చెల్లె."

గడ్చిరోలిలో 1993 నుంచి మద్యనిషేధం ఉంది. ఇప్పసారా మాత్రం ఊళ్లలో దొరుకుతూనే ఉంటుంది. అందుకే ఇక్కడి మనిషి తాగిన సంగతి ఆశా ముందు ఒప్పుకోడు. ఆమె కూడా సర్కారు మనిషే కదా. మొదటి రోజున దవాఖానలో ఎవరో పోచంకు "ఈ గోలీలతో సారా తాగొద్దు" అని చెప్పారు. చెప్పింది సరైనదే. ఈ మందులు కాలేయం మీద భారం వేస్తాయి, సారా దానికి తోడవుతుంది. కానీ పోచం ఆ మాటను తన దారిలో అర్థం చేసుకున్నాడు. తాగిన రోజు గోలీ వేసుకోకూడదు, తెల్లారి కూడా ఒంట్లో సారా ఉంటుంది కాబట్టి ఆ రోజూ వద్దు. ఆ 20 రోజుల్లో రెండు ఆదివారాలు, వాటి వెనక రెండు సోమవారాలు. అయిదో రోజు బంధువుల పెళ్లి. పదిమందిలో పట్టీ బయటికి తీయలేక ఆగిపోయాడు.

చూశారా, అతను నిర్లక్ష్యంగా మానలేదు. మనం చెప్పిన జాగ్రత్తనే పాటించి మానేశాడు. ఇలాంటివి బెదిరింపుతో ఎన్నటికీ బయటికి రావు.

సమ్మక్క ఆ జాగ్రత్తనే వేరేలా చెప్పింది: "తాగకుంటే మంచిది, అది నేను చెప్తనే ఉంట. కాని తాగినవనుకో, గోలీలు మాత్రం ఆపకు. నాకు చెప్పు. నేనెవ్వరికీ చెప్పను. కండ్లు పచ్చగైతే, అన్నం సైతం వద్దనిపించి వాంతులైతే, అప్పుడు గోలీలు ఆపి అదే రోజు దవాఖానకు రా." తరువాత డాక్టరుకు అతను తాగుతాడన్న సంగతి పోచం చేతే చెప్పించింది, కాలేయం పరీక్ష అవసరమో కాదో ఆయన చూసుకుంటాడని. ఆ నిర్ణయం మనది కాదు.

పోయిన అయిదు రోజుల సంగతేమిటి? మర్నాడు ఆరు గోలీలు మింగించడం కాదు. ఎప్పుడూ రెట్టింపు వేయకూడదు. ఆ అయిదు రోజుల మందు చివర కలుస్తుంది. 56 రోజుల మందూ ఒంట్లో పడ్డాకే రెండో దశ మొదలవుతుంది. ఈ సంగతి టీబీ సూపర్‌వైజర్‌కు ఫోన్ చేసి కార్డులో రాయించాలి. పేషెంటుకు మాటొస్తుందనో, మనకు మాటొస్తుందనో దాచే అలవాటు మనలో ఉంది. అది వదిలేయండి.

మాటలు కలిశాక మరొకటి బయటపడింది. మూత్రం ఎర్రగా వస్తోంది, రక్తమే పోతోందని పోచం అనుమానం. భార్యకు కూడా చెప్పలేదు. అది గోలీలోని రిఫాంపిసిన్ రంగు. చెమటకు, కన్నీళ్లకు కూడా ఆ రంగు రావచ్చు, హాని లేదు. ఈ ముక్క మొదటి రోజే చెప్పాలి. చెప్పినా మూడో వారంలో మళ్లీ చెప్పాలి.

నెగెటివ్ వచ్చిన రోజు

ఫిబ్రవరి మొదటి వారం చివర్లో 56 రోజుల మందు పూర్తయింది. సిరోంచ గ్రామీణ ఆస్పత్రిలో కళ్లె పరీక్ష చేశారు, నెగెటివ్. అప్పటికీ పాజిటివ్‌గానే ఉంటే, ఏ మందుకు లొంగట్లేదో తేల్చే పరీక్షకు పంపుతారు. నెగెటివ్ వస్తే మనకు సంతోషం, కానీ మానేసే ప్రమాదం ఎక్కువగా ఉండేది కూడా ఆ రోజే. "దవాఖానోళ్లే లేదన్నరు కదా" అన్నాడు పోచం.

సమ్మక్క అతని పనిలోంచే జవాబు తీసింది. "మిరప చేనుల తుంగ కోస్తవు కదా. చేను సాఫ్ కనబడుతది. గడ్డ కింద ఉన్నదా లేదా? కళ్లెల క్రిములు కనబడకుంట పోయినయి, లోపల నిద్రపోయేటివి ఇంక ఉన్నయి. ఈ నాలుగు నెలలు వాటికోసమే." ఇక్కడితో ఆపింది. ఒక పోలిక పట్టుకుని పది నిమిషాలు లాగితే వినేవాడు మందు సంగతి మరిచి తుంగ సంగతి మాట్లాడతాడు.

కొత్త పట్టీ చేతికిచ్చేటప్పుడు ఇంకొకటి చెప్పింది: గోలీ మారింది, ఒక మందు తగ్గింది, రోజుకు మూడే. చెప్పకుండా ఇస్తే పేషెంటు వేరేదేదో ఇచ్చారని పక్కన పెడతాడు.

మిరప ఏరడానికి పోతానంటే

గోదావరి అవతల తెలంగాణ చేలల్లో ఫిబ్రవరి, మార్చి నెలల్లో మిరపకాయలు ఏరే పని ఉంటుంది. ఏడాదిలో చేతికి డబ్బు వచ్చే కాలం అది. "పోవద్దు" అనడం సులువు. పోచం ఎట్లాగూ పోతాడు, అయితే ఈసారి చెప్పకుండా పోతాడు. నిక్షయ్ పోషణ కింద నెలకు వెయ్యి రూపాయలు వస్తాయి కదా అని ఆశ చూపొద్దు. అది తిండికి. రెండు నెలల కూలికి అది సాటి రాదని అతనికి మనకంటే బాగా తెలుసు.

సమ్మక్క అడిగినవి వేరే. ఏ మండలం, ఏ ఊరు, మేస్త్రీ ఎవరు, అతని ఫోన్ నంబర్ ఏమిటి. వీటితో సూపర్‌వైజర్, టీబీ పేషెంట్ల సర్కారు ఆన్‌లైన్ రిజిస్టర్ నిక్షయ్‌లో అక్కడి ఆస్పత్రికి బదిలీ పెట్టాడు. రాష్ట్రం మారినా నిక్షయ్ నంబర్ మారదు. ఆ నంబర్‌ను లస్మక్క చేత కాగితం మీద రాయించింది, ఫోన్‌లోనూ పెట్టించింది. కాగితం వానకు తడిసినా ఫోన్ ఉంటుంది, ఫోన్ పోయినా కాగితం ఉంటుంది. కార్డు మరాఠీలో ఉంది, అవతలి నర్సుకు అది రాదు, కాబట్టి మందు పేరు, మొదలైన తేదీ, ఎన్ని రోజులు అయ్యాయో తెలుగులో వేరే రాసిచ్చింది. 28 రోజుల మందు వెంట పంపింది.

పొద్దున అయిదింటికే చేనుకు పోవాలి, పరగడుపున గోలీలు మింగితే ఎండలో వికారం అన్నాడు. సమ్మక్క డాక్టరును అడిగి పడుకునే ముందుకు మార్పించింది. ఏ వేళైనా సరే, రోజూ అదే వేళ కావాలి. పదిమంది ఒకే గుడిసెలో పడుకుంటారు, గోలీలు చూస్తే అడుగుతారు. అందుకని లస్మక్క వాటిని పట్టీతో సహా తన తంబాకు డబ్బాలో పెట్టుకుంది. ఆ డబ్బా ఎవరూ ముట్టరు.

మార్చిలో ఒకసారి ఫోన్ వచ్చింది. పట్టీ అయిపోవస్తోంది, అక్కడి ఆస్పత్రిలో పేరు కనపడట్లేదట. సమ్మక్క సూపర్‌వైజర్‌తో మాట్లాడితే, బదిలీ పంపారు గాని అవతల వాళ్లు ఇంకా అంగీకరించలేదని తేలింది. మర్నాటికి మందు దొరికింది. బదిలీ పెట్టామని చేతులు దులుపుకోకండి. అవతల మందు చేతికి అందిందా అని అడిగేదాకా ఆ పని పూర్తి కాలేదు. మే చివర, తునికాకు కోత నడుస్తుండగా, పోచం ఆఖరి గోలీలు మింగాడు. చివరి కళ్లె పరీక్ష కూడా నెగెటివ్.

ఈ వారం అభ్యాసం

55 కిలోల మనిషికి రోజుకు నాలుగు గోలీలు. 28 రోజులకు 112 ఇచ్చారు. 12 రోజుల మందు అయిపోవాల్సిన నాడు మీరు వెళితే 76 ఉన్నాయి. ఎన్ని రోజులు పోయాయో కట్టండి, జవాబు 3 రావాలి. తరువాత ఇంట్లో ఒకరిని పేషెంటుగా కూర్చోబెట్టి, ఆ మూడు రోజుల మాట ఎత్తకుండా అవి ఏ రోజులో వాళ్ల నోటే చెప్పించడానికి ప్రయత్నించండి. పేషెంటు వేషం వేసినవాళ్లు కారణం ముందే ఒక చీటీ మీద రాసి మడిచి పెట్టుకోవాలి. మీకు దొరికిన కారణం, చీటీలో ఉన్నది ఒకటేనా చూసుకోండి.

అయిదో భాగంలో లస్మక్క, పిల్లలు: ఇంట్లోవాళ్లకు ఏ పరీక్షలు, జబ్బు లేనివాళ్లకు ముందుజాగ్రత్త మందు ఎలా ఒప్పించాలి.