విలువిద్య నేర్చుకుందాం – 4: డ్రా లెంత్ కొలవడం

పోయిన పాఠంలో చెయ్యి గడ్డం కింద ఒకేచోట ఆనించడం, అంటే యాంకర్, కుదిరింది. అది కుదరకముందే డ్రా లెంత్, అంటే విల్లు పూర్తిగా లాగినప్పుడు తాడు ఎంత దూరం వస్తుందో కొలిస్తే ఆ అంకె నెల తిరక్కుండానే మారిపోతుంది.

గాజువాక నుంచి వచ్చే తొమ్మిదో తరగతి అబ్బాయి లెక్క చూద్దాం. గోడకు వీపు ఆనించి, చేతులు బార చాపి నిలబడ్డాడు. ఈ మధ్యవేలి కొన నుంచి ఆ మధ్యవేలి కొన దాకా 165 సెంటీమీటర్లు, అంటే 65 అంగుళాలు. 2.5తో భాగిస్తే 26. చాలామంది ఈ అంకె పట్టుకుని నేరుగా షాపుకు వెళ్లిపోతారు. ఇది అంచనా మాత్రమే. భుజాల వెడల్పునీ ముఖం తీరునీ బట్టి అంగుళం దాకా తేడా రావచ్చు.

అసలు కొలత విల్లు లాగితేనే తేలుతుంది. తేలికపాటి రికర్వ్ విల్లు, 30 అంగుళాల బాణం తీసుకోండి. టార్గెట్‌కు దగ్గరగా నిలబడి, బాణం దానివైపే ఉంచి యాంకర్ దాకా లాగండి. పక్కన నిలబడ్డవాళ్లు (ముందు కాదు!) విల్లు పిడి పైన ఉండే ప్లంజర్ రంధ్రానికి ఎదురుగా బాణం మీద పెన్నుతో గీత పెడతారు. బాణం వదలకుండా మెల్లగా దించండి. ఇలా మూడుసార్లు చేస్తే గీతలు దగ్గర దగ్గరగా పడాలి. పడకపోతే యాంకర్ ఇంకా కుదరలేదన్నమాట. మనవాడికి బాణం తోకన తాడు ఇమిడే నాక్ గాడి నుంచి గీత దాకా 24.5 అంగుళాలు వచ్చింది. దీనికి 1.75 కలిపి చెప్పడం పద్ధతి కాబట్టి అతని డ్రా లెంత్ 26.25.

విల్లు వంగే రెక్క, అంటే లింబ్ మీద 24 పౌండ్లు అని రాసి ఉంటే అది 28 అంగుళాల దగ్గర లెక్క. అంగుళానికి సుమారు రెండు పౌండ్లు తగ్గుతుంది కాబట్టి అతను లాగేది ఇరవై, ఇరవై ఒకటి మధ్య.

బాణం పొట్టిదైతే మాత్రం ప్రమాదం. అన్న వాడి వదిలేసిన 24 అంగుళాల బాణాలు ఇతనికిస్తే, పూర్తిగా లాగినప్పుడు మొన, బాణం ఆనే రెస్ట్ వెనక్కి జారిపోతుంది. అలా వదిలితే బాణం చేతిలోకే దిగొచ్చు. ఎదిగే పిల్లాడు కాబట్టి 27కి తక్కువ కోయించవద్దు.

కాంపౌండ్ విల్లులో చిక్కు వేరు. అక్కడ ఎంత లాగాలో లింబ్ కొనన తిరిగే చక్రం, అంటే క్యామ్ నిర్ణయిస్తుంది, ఒంటికి సరిపడకపోతే ఒళ్లే వంగి సర్దుకుంటుంది. పొడవు ఎక్కువైతే తల వెనక్కి వాలుతుంది, విల్లు పట్టిన భుజం పైకి లేస్తుంది, మోచెయ్యి బిగుసుకుని తాడు ముంజేతికి తగులుతుంది. అప్పుడు ఆర్మ్‌గార్డ్ మార్చడం దండగ, ముందు అరంగుళం తగ్గించి చూడండి. తక్కువైతే లాగే మోచెయ్యి బాణం వరుసలోకి రాకుండా బయటికే ఉండిపోతుంది. వెనకనుంచి ఫోన్‌లో వీడియో తీస్తే ఇది ఇట్టే తెలుస్తుంది.

మీ అంకె నోట్‌బుక్‌లో తేదీతో రాసి పెట్టుకోండి. వచ్చే పాఠంలో బాణం బిరుసు, అంటే స్పైన్ ఎంచుకోవడానికి అదే కావాలి.